అమెరికా డివిడెండ్, యూట్యూబ్ రాయల్టీ మీద పన్ను కోత: తరచుగా అడిగే ప్రశ్నలు

వరంగల్, కరీంనగర్, జగిత్యాల వైపు జానపద పాటల ఛానెళ్లు నడిపేవాళ్లు, పనిచేసే కంపెనీ ఇచ్చిన అమెరికా షేర్లు ఉన్న సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు ఇప్పుడు చాలామంది ఉన్నారు. హనుమకొండలో రిటర్నులు వేసే పనిలో ఉన్న నన్ను వాళ్లు అడిగే ప్రశ్నలే ఇవి. ఎక్కువ భాగం అమెరికా నుంచి ఇక్కడికి వచ్చే డబ్బు గురించే రాశాను. ఇక్కడి నుంచి బయటికి పోయే డబ్బు సంగతి చివర్లో కొంత ఉంది. సెక్షన్ల, ఫారాల నంబర్లు 1961 చట్టం నాటివి. 2025-26 ఆర్థిక సంవత్సరం ఆదాయం వరకు అవే వర్తిస్తాయి. 2026 ఏప్రిల్ 1 తర్వాతి ఆదాయానికి ఆదాయపు పన్ను చట్టం, 2025 వర్తిస్తుంది కాబట్టి నంబర్లు మారతాయి. లెక్క వెనకున్న సూత్రం మాత్రం మారదు.

విత్‌హోల్డింగ్ ట్యాక్స్ అంటే ఏమిటి?

మనకు తెలిసిన టీడీఎస్ లాంటిదే. డబ్బు ఇచ్చేవాళ్లే పన్ను పట్టుకుని, మిగిలింది మన చేతికి ఇస్తారు. పట్టుకున్నది వాళ్ల ప్రభుత్వానికి కడతారు. టీడీఎస్‌తో ఒక తేడా ఉంది. ఇక్కడ టీడీఎస్ ఎక్కువ పడితే రిటర్ను వేసి రీఫండ్ తెచ్చుకుంటాం. అమెరికాలో పట్టుకున్న పన్ను మామూలుగా అదే ఆఖరి పన్ను. దాన్ని మన ఆదాయపు పన్ను శాఖ వెనక్కి ఇవ్వదు.

నేను అమెరికా మొహం కూడా చూడలేదు. నా డబ్బులో వాళ్లకు వాటా ఎందుకు?

పన్ను వేసే హక్కు రెండు రకాలుగా వస్తుంది. మనిషి ఎక్కడ నివసిస్తున్నాడన్నది ఒకటి, ఆదాయం ఎక్కడ పుట్టిందన్నది రెండోది. మీరు హనుమకొండలో ఉంటారు కాబట్టి ప్రపంచంలో ఎక్కడ సంపాదించినా ఇండియా పన్ను అడుగుతుంది. డివిడెండ్ ఇచ్చిన కంపెనీ అమెరికాలో రిజిస్టర్ అయింది కాబట్టి, అది అక్కడ పుట్టిన ఆదాయమని అమెరికా అంటుంది. ఇద్దరి వాదనలోనూ న్యాయం ఉంది. ఇబ్బందల్లా ఒకే రూపాయి మీద ఇద్దరూ పడటం దగ్గరే.

ఇది కొత్తగా వచ్చిన గొడవ కాదు. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత దేశాలన్నీ పన్నులు పెంచినప్పుడే మొదలైంది. నానాజాతి సమితి బ్రూయిన్స్, ఐనాడీ, సెలిగ్‌మన్, స్టాంప్ అనే నలుగురు ఆర్థికవేత్తలకు ఈ పని అప్పగిస్తే, వాళ్లు 1923లో నివేదిక ఇచ్చారు. ఒకే ఆదాయం మీద రెండు పన్నుల భారం పడకుండా ఇవాళ దేశాలు రెండేసి కలిసి చేసుకునే పన్ను ఒప్పందాల వెనకున్న ఆలోచనకు మూలం ఆ కాలపు పనిలోనే ఉంది.

నా ఖర్చులు తీసేసి మిగిలిన లాభం మీద కదా పన్ను వేయాలి? మొత్తం మీద ఎందుకు కోస్తారు?

ఈ ఒక్క ప్రశ్నకు జవాబు అర్థమైతే మిగతాదంతా దానంతట అదే అర్థమవుతుంది, అందుకే కొంచెం నెమ్మదిగా చెబుతాను.

అమెరికా ప్రభుత్వానికి మీ ఖర్చు తెలియదు. పాట తీయడానికి సింగర్‌కు ఎంత ఇచ్చారు, డప్పు కళాకారులకు ఎంత, కెమెరాకు, డ్రోన్‌కు, ఎడిటింగ్‌కు ఎంత అయింది, ఇవన్నీ అక్కడ కూర్చుని తేల్చే దారి లేదు. మీ ఖాతా పుస్తకాలు అడిగి తెప్పించుకునే అధికారమూ వాళ్లకు లేదు. వాళ్ల చేతికి అందేది డబ్బు పంపే కంపెనీ ఒక్కటే. అందుకని పంపే మొత్తం మీదే ఒక శాతం పట్టుకోమని చట్టంలో రాసుకున్నారు. ఆ శాతం 30.

పాలుకు ఇచ్చిన పొలంలో విత్తనం, ఎరువు, కూలి ఖర్చు లెక్కలోకి తీసుకోకుండా కల్లం మీదే కుప్పలోంచి వాటా తీసుకెళ్లడం ఎలాంటిదో ఇదీ అలాంటిదే. పంట మీద ఖర్చు తక్కువైతే ఆ వాటా భారం తెలియదు. ఖర్చు ఎక్కువైతే రైతుకు మిగిలేదంతా అందులోనే పోతుంది.

అంకెల్లో చూడండి. 100 రూపాయలు వస్తే అందులో 60 ఖర్చు అనుకుందాం. లాభం 40. మొత్తం మీద 30 శాతం అంటే 30 రూపాయలు పోయినట్టు, అంటే లాభంలో 75 శాతం. ఖర్చు 70 దాటితే చేతినుంచి ఎదురు పెట్టుకోవాలి. చట్టంలో కనిపించే 30 శాతం, మనిషి నిజంగా మోసే 75 శాతం ఒకటి కావు.

ఒప్పందం రేటును ఎందుకు తగ్గిస్తుంది?

మొదటి కారణం ఇప్పుడు చూసిందే. మొత్తం మీద వేసే పన్ను కాబట్టి, లాభం మీద వేసే రేటు కంటే అది బాగా తక్కువగా ఉంటే తప్ప న్యాయంగా ఉండదని రెండు దేశాలూ ఒప్పుకుంటాయి. 15 శాతం అనేది చూడటానికి చిన్నగా కనిపిస్తుంది కానీ, పై లెక్కలో అది లాభంలో 37.5 శాతం.

రెండోది క్రెడిట్‌కు ఉన్న హద్దు. అమెరికాలో కట్టిన పన్నును ఇండియా తన పన్నులోంచి మినహాయిస్తుంది. అయితే ఆ ఆదాయం మీద ఇండియాలో ఎంత పన్ను పడుతుందో అంతవరకే. దానికి మించి అక్కడ కోసింది వదులుకోవాల్సిందే. అక్కడి రేటు ఎంత ఎక్కువగా ఉంటే, ఇక్కడ క్రెడిట్‌లో ఇమడకుండా మిగిలిపోయేది అంత ఎక్కువ. దాన్ని తగ్గించడానికి ఉన్న మార్గం పుట్టిన చోట రేటును దించడమే.

మూడో కారణం బేరం. డబ్బు పుట్టే దేశం రేటు తగ్గిస్తే ఆ మేరకు దాని ఖజానాకు రాబడి తగ్గి, మనిషి నివసించే దేశం ఖజానాకు పెరుగుతుంది. ఎందుకు ఒప్పుకుంటారంటే, రేపు తమ దేశం వాళ్లకు అవతలి నుంచి వచ్చే డబ్బు మీదా అదే తగ్గింపు దొరుకుతుంది కాబట్టి. పెట్టుబడి, టెక్నాలజీ బయటికి పంపే దేశం రేటు బాగా తగ్గాలంటుంది. వాటిని కొనుక్కునే దేశం తగ్గించడానికి వెనకాడుతుంది.

అలాగైతే డివిడెండ్ మీద 25, రాయల్టీ మీద 15 ఎందుకు?

ఇండియా, అమెరికా ఒప్పందం మీద 1989 సెప్టెంబర్‌లో సంతకాలయ్యాయి. 1990 డిసెంబర్‌లో అమల్లోకి వచ్చింది. ఆర్టికల్ 10 ప్రకారం, డివిడెండ్ ఇచ్చే కంపెనీలో 10 శాతమో అంతకంటే ఎక్కువో ఓటింగ్ వాటా ఉన్న కంపెనీకి 15 శాతం, మిగతా అందరికీ 25 శాతం. విడిగా షేర్లు పట్టుకున్న మనలాంటివాళ్లు 25లోకే వస్తారు. 30 నుంచి 25కు అంటే తగ్గింపు చిన్నదే.

పెద్ద వాటా ఉన్న కంపెనీకి ఎక్కువ తగ్గించడానికి కారణం ఉంది. డివిడెండ్ అంటే కంపెనీ అప్పటికే పన్ను కట్టేసిన లాభం. అమెరికా కంపెనీ లాభం 100 అయితే ఫెడరల్ పన్ను 21 పోయి 79 మిగులుతుంది. అదంతా పంచితే, 25 శాతం కోత తర్వాత మీ ఖాతాలో పడేది 59.25. ఒక కంపెనీ నుంచి పై కంపెనీకి, అక్కడి నుంచి దాని యజమానులకు డబ్బు వెళ్లే కొద్దీ ప్రతి మెట్టు దగ్గరా ఇంత కోస్తే ఫ్యాక్టరీలు పెట్టేవాళ్లు ఉండరు. అందుకే ఆ దారిలో రేటు తగ్గిస్తారు.

రాయల్టీ ఆర్టికల్ 12లో ఉంది. అమెరికా తన నమూనా ఒప్పందంలో రాయల్టీకి, డబ్బు పుట్టిన దేశంలో అసలు పన్నే ఉండకూడదంటుంది. సంపన్న దేశాల సంస్థ ఓఈసీడీ నమూనా కూడా అంతే. ఐక్యరాజ్యసమితి నమూనా మాత్రం రేటును ఆ రెండు దేశాల బేరానికే వదిలేస్తుంది. అప్పటి ఇండియా విదేశీ టెక్నాలజీ కొనుక్కునే దేశం. రాయల్టీలు ఇక్కడి నుంచి బయటికి పోతుంటే తన వాటా పూర్తిగా వదులుకోవడానికి ఒప్పుకోలేదు. అలా 15 దగ్గర కుదిరింది. కొనేవాళ్లుగా మనం కాపాడుకున్న ఆ 15 శాతమే, ఇవాళ పాటలూ పుస్తకాలూ అమెరికాలో అమ్ముకునే మన కళాకారుల డబ్బులోంచి పోతోంది. బేరం రెండు వైపులా పనిచేస్తుందంటే అర్థం ఇదే. ఈ రేటు మీద మళ్లీ మాట్లాడుకోవాల్సిన సమయం వచ్చిందని నా గట్టి అభిప్రాయం.

యూట్యూబ్ యాడ్స్ డబ్బు రాయల్టీ ఎలా అవుతుంది?

మీ వీడియో కాపీరైట్ మీది. దాన్ని చూపించుకోనిచ్చినందుకు వచ్చే డబ్బుగా అమెరికా పన్ను చట్టం లెక్క వేస్తుంది. అందులోనూ అమెరికాలో ఉండి చూసినవాళ్ల వల్ల వచ్చిన భాగాన్నే అక్కడ పుట్టిన ఆదాయంగా తీసుకుంటారు. 2021 జూన్ నుంచి గూగుల్ ఈ కోత మొదలుపెట్టింది. కరీంనగర్‌లో, హైదరాబాద్‌లో, దుబాయ్‌లో చూసినవాళ్ల భాగం మీద ఈ పన్ను లేదు. బతుకమ్మ రోజుల్లో డాలస్, న్యూజెర్సీల్లో వ్యూస్ పెరిగితే ఆ నెల కోత పెరగడానికి కారణం అదే, అది తప్పు లెక్క కాదు.

ఇండియాలో ఈ డబ్బును మామూలుగా వ్యాపార ఆదాయంగా చూపిస్తాం. అక్కడ ఒక పేరు, ఇక్కడ ఇంకో పేరు ఉన్నంత మాత్రాన క్రెడిట్ ఆగిపోదు.

ఒక ఉదాహరణ తీసుకుని మొత్తం లెక్క చూపిస్తారా?

హనుమకొండలో ఇంటి నుంచే పనిచేసే ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి అనుకుందాం. స్టాండర్డ్ డిడక్షన్ పోగా జీతం 17,62,000 రూపాయలు. సొంతంగా జానపద పాటల ఛానెల్ ఉంది, ఏడాదికి 6,000 డాలర్లు వస్తుంది. అందులో అమెరికా ప్రేక్షకుల భాగం 2,000 డాలర్లు. కంపెనీ ఇచ్చిన అమెరికా షేర్ల మీద 400 డాలర్ల డివిడెండ్. లెక్క తేలికగా ఉండటానికి డాలర్ 85 రూపాయలు అనుకుందాం. పాటల ఖర్చు రాబడిలో 60 శాతం.

ముందు ఛానెల్ సంగతి. గూగుల్‌కు పన్ను వివరాలే ఇవ్వకపోతే, ప్రపంచం మొత్తం నుంచి వచ్చిన డబ్బు మీద 24 శాతం వరకు పట్టుకునే వీలుంది. అంటే 6,000లో 1,440 డాలర్లు. ఫారం ఇచ్చి ఒప్పందాన్ని అడగకపోతే 2,000 మీద 30 శాతం, 600 డాలర్లు. ఫారంలో ఒప్పందాన్ని కూడా అడిగితే 15 శాతం, 300 డాలర్లే. ఒక్క ఫారం సరిగ్గా నింపడం వల్ల వచ్చే తేడా ఏడాదికి 1,140 డాలర్లు, దాదాపు 97 వేల రూపాయలు.

ఇప్పుడు ఇండియా వైపు. ఛానెల్ మొత్తం రాబడి 5,10,000. ఖర్చు 3,06,000 పోగా లాభం 2,04,000. డివిడెండ్ 34,000. జీతంతో కలిపితే మొత్తం ఆదాయం సరిగ్గా 20 లక్షలు. 2025-26 కొత్త పన్ను విధానం స్లాబుల్లో దీని మీద పన్ను 2,00,000, దానికి 4 శాతం సెస్ కలిపి 2,08,000. అంటే సగటున 10.4 శాతం.

అమెరికా భాగం రాబడి 1,70,000లో 60 శాతం ఖర్చు తీసేస్తే లాభం 68,000. దాని మీద ఇండియా పన్ను సగటు రేటున 7,072 రూపాయలు. అమెరికాలో కోసింది 25,500. రెండింట్లో ఏది తక్కువో అదే క్రెడిట్, అంటే 7,072. మిగిలిన 18,428 రూపాయలు ఎక్కడా తిరిగి రావు. వచ్చే ఏడాదికి తీసుకెళ్లే వీలు కూడా మన చట్టంలో లేదు.

డివిడెండ్ మీద అమెరికాలో పోయింది 100 డాలర్లు, 8,500 రూపాయలు. ఇండియా పన్ను 34,000 మీద 3,536. క్రెడిట్ 3,536 మాత్రమే. ఈ రెండు ఆదాయాలకూ విడివిడిగా లెక్క వేయాలి, ఒకదాంట్లో మిగిలిపోయింది ఇంకోదాంట్లో సర్దుకోవడం కుదరదు. మొత్తం క్రెడిట్ 10,608 పోగా ఇక్కడ కట్టాల్సింది 1,97,392.

చాలామంది “క్రెడిట్ వస్తుంది కదా, అక్కడ ఎంత కోస్తే ఏంటి” అంటారు. ఈ లెక్క చూశాక ఆ మాట ఎందుకు నిలబడదో అర్థమవుతుంది. క్రెడిట్ అంతా కాపాడేది కాదు. నిజంగా కాపాడేది అక్కడ రేటు తక్కువగా ఉండటమే.

ఫారం ఎలా నింపాలి?

ఫారం పేరు W-8BEN. షేర్లకైతే బ్రోకర్ యాప్‌లో, ఛానెల్‌కైతే యాడ్‌సెన్స్‌లోని పన్ను సమాచారం పేజీలో ఉంటుంది. పేరు పాన్ కార్డులో ఉన్నట్టే రాయాలి. విదేశీ పన్ను గుర్తింపు సంఖ్య అడిగిన చోట పాన్ ఇవ్వాలి. శాశ్వత నివాస చిరునామా ఇక్కడిదే ఉండాలి, పోస్ట్ బాక్స్ పనికిరాదు.

ఒప్పందం కోరుతున్నారా అని అడిగినప్పుడు అవునని, దేశం ఇండియా అని చెప్పాలి. యాడ్‌సెన్స్‌లో ఆదాయ రకాల దగ్గర Motion Picture & TV, Other Copyright అని రెండు కనిపిస్తాయి. రెండింటికీ ఆర్టికల్ 12, 15 శాతం ఎంచుకోవాలి. తప్పు ఎక్కువగా జరిగేది ఇక్కడే. దేశం ఇండియా అని పెట్టి, రేటు ఎంచుకోకుండా ముందుకు వెళ్లిపోతారు. అప్పుడు ఫారం ఆమోదం పొందినా కోత 30 శాతమే ఉంటుంది. డివిడెండ్ విషయంలో ఇంత అవసరం లేదు, నివాస దేశం ఇండియా అని చెబితే బ్రోకర్ 25 శాతం వేస్తాడు.

ఇంకో పొరపాటు, ఉత్తరాలు త్వరగా అందుతాయని అమెరికాలో ఉన్న కొడుకు చిరునామా ఇవ్వడం. అలా ఇస్తే మీరు అమెరికా నివాసి కావచ్చని వాళ్లకు అనుమానం వస్తుంది. ఫారం ఆగిపోతుంది, లేదా అదనపు కాగితాలు అడుగుతారు.

ఒప్పందం రేటే పడుతోందని ఎలా తెలుసుకోవాలి?

బ్రోకర్ స్టేట్‌మెంట్‌లో డివిడెండ్ పక్కన NRA Tax లేదా NRA Withholding అని ఒక లైను ఉంటుంది. 100 డాలర్లకు 75 చేతికి వస్తే ఫారం పనిచేస్తోంది. 70 వస్తే లేదు. నిన్నటిదాకా 75 వచ్చి ఈసారి 70 వచ్చిందంటే గడువు ముగిసి ఉంటుంది. W-8BEN సంతకం చేసిన సంవత్సరం తర్వాత మూడో క్యాలెండర్ సంవత్సరం చివరి రోజు వరకు చెల్లుతుంది. 2023లో ఎప్పుడు ఇచ్చినా 2026 డిసెంబర్ 31తో ఆగిపోతుంది. జనవరి డివిడెండ్‌లో ఈ తేడా బయటపడుతుంది కాబట్టి డిసెంబర్‌లోనే మళ్లీ ఇవ్వడం మంచిది.

మార్చి నెలలో 1042-S అనే పత్రం వస్తుంది. గడిచిన క్యాలెండర్ సంవత్సరంలో ఎంత ఆదాయం, ఏ రేటు, ఎంత కోత అన్నవి అందులో ఉంటాయి. దాచుకోండి, ఇండియాలో క్రెడిట్‌కు అదే ఆధారం.

మా తమ్ముడు దుబాయ్‌లో ఉంటాడు. ఛానెల్ అతని పేరు మీద ఉంది. అతనికీ 15 శాతమేనా?

కాదు, 30 శాతం. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ నుంచి గల్ఫ్‌కు వెళ్లినవాళ్లు ఎంతోమంది కాబట్టి ఈ ప్రశ్న తరచుగా వస్తుంది.

ఒప్పందం పాస్‌పోర్టును చూడదు, పన్ను పరంగా ఎక్కడ నివాసి అన్నది చూస్తుంది. అమెరికాకు యూఏఈతో ఇలాంటి ఆదాయపు పన్ను ఒప్పందమే లేదు. అందుకే అదే పాట, అదే ప్రేక్షకులు, జగిత్యాలలో ఉన్న అన్నకు 15 శాతం, దుబాయ్‌లో ఉన్న తమ్ముడికి 30. భారత పౌరసత్వం, పాన్ రెండూ ఉన్నాయని అతను ఇండియా ఒప్పందం అడగకూడదు. ఆ ఫారం మీద చేసే సంతకం ప్రమాణం లాంటిది, తప్పు చెబితే శిక్ష ఉంటుందని అందులోనే రాసి ఉంటుంది.

మరి ఛానెల్‌ను అన్న పేరుకు మార్చేస్తే? పాటలు తీసేది, ఖర్చు పెట్టేది, డబ్బు వాడుకునేది నిజంగా అన్నే అయితే మార్చుకోవచ్చు, అదే సరైన పద్ధతి కూడా. పేరు మాత్రం అన్నది, డబ్బు తమ్ముడిది అయితే కుదరదు. ఆ డబ్బుకు అసలు యజమాని ఎవరో వాళ్లకే తగ్గింపు రేటు అని ఒప్పందం స్పష్టంగా చెబుతుంది.

ఇండియాలో క్రెడిట్ ఎలా తీసుకోవాలి?

incometax.gov.in లో ఫారం 67 వేయాలి. ఏ దేశం, ఏ ఆదాయం, అక్కడ ఎంత పన్ను, ఒప్పందంలో ఏ ఆర్టికల్, ఇక్కడ ఎంత పన్ను అన్నవి రాసి, 1042-S లేదా బ్రోకర్ స్టేట్‌మెంట్ జత చేయాలి. అసెస్‌మెంట్ సంవత్సరం చివరి వరకు గడువు ఉంది, అయితే రిటర్ను మాత్రం సమయానికి వేసి ఉండాలి. రిటర్నులో ఆ ఆదాయం షెడ్యూల్ FSIలో, పన్ను షెడ్యూల్ TRలో కనిపించాలి. షేర్లు ఉన్నవాళ్లు డివిడెండ్ రాకపోయినా షెడ్యూల్ FA నింపాలి. ITR-1 వీళ్లకు పనికిరాదు.

చిక్కల్లా సంవత్సరం దగ్గర వస్తుంది. అమెరికా లెక్క జనవరి నుంచి డిసెంబర్, మనది ఏప్రిల్ నుంచి మార్చి. 1042-S లోని మొత్తాన్ని అలాగే దించేస్తే తప్పు. నెలవారీ స్టేట్‌మెంట్లు పెట్టుకుని ఏప్రిల్ నుంచి మార్చి వరకు కూడుకోవాలి. డాలర్లను రూపాయల్లోకి మార్చడానికి స్టేట్ బ్యాంక్ టీటీ బయ్యింగ్ రేటు వాడాలి. పన్నుకైతే, కోత జరిగిన నెలకు ముందు నెల చివరి రోజు రేటు.

ఫారం ఇవ్వక 30 శాతం కోశారు. ఎక్కువ పోయిందాన్ని ఇండియాలో అడగవచ్చా?

అడగలేరు. ఒప్పందం ప్రకారం పడాల్సిన దానికంటే ఎక్కువ కోస్తే, ఆ ఎక్కువను లెక్కలోకి తీసుకోకూడదని మన రూల్ 128 చెబుతుంది. రాయల్టీ మీద 30 కోసినా ఇక్కడ లెక్కలోకి వచ్చేది 15 మాత్రమే. మిగతాది అమెరికా దగ్గరే తెచ్చుకోవాలి.

అదే క్యాలెండర్ సంవత్సరంలో గమనిస్తే ముందు ఫారం సరిచేయండి. ఏడాది ముగిసేలోపు అయితే కొన్నిసార్లు గూగుల్, బ్రోకర్లే తేడా వెనక్కి వేస్తారు. డిసెంబర్ దాటితే అమెరికా పన్ను శాఖకు 1040-NR రిటర్ను వేయాలి, దానికి ముందు అక్కడి పన్ను నంబర్ తీసుకోవాలి. వంద, రెండు వందల డాలర్ల కోసం ఇంత తిరగడం దండగ. వేల డాలర్లు పోతే మాత్రం వదులుకోకండి.

మేం బయట ఉంటాం, ఇక్కడి కంపెనీల షేర్లు ఉన్నాయి. ఇండియా ఎంత కోస్తుంది?

2020 మార్చి వరకు కంపెనీయే డివిడెండ్ పంపిణీ పన్ను కట్టేది, ఒప్పందం రేటు మీకు పెద్దగా ఉపయోగపడేది కాదు. 2020 ఏప్రిల్ 1 నుంచి ఆ పన్ను తీసేశారు, భారం వాటాదారుల మీదికి వచ్చింది. ఎన్ఆర్ఐలకు రేటు 20 శాతం, సెస్‌తో 20.8. ఆదాయం 50 లక్షలు దాటితే సర్‌చార్జి కూడా.

డాలస్‌లో ఉన్నవాళ్లకు ఒప్పందం రేటు 25. ఇక్కడి చట్టం రేటు అంతకంటే తక్కువ కాబట్టి 20.8 పడుతుంది. సెక్షన్ 90(2) ప్రకారం రెండింట్లో మనకు ఏది మేలైతే అదే వర్తిస్తుంది, ఒప్పందం పన్నును పెంచలేదు. దుబాయ్‌లో ఉన్నవాళ్లకు ఒప్పందం రేటు 10, సౌదీలో ఉన్నవాళ్లకు 5. ఒప్పందం రేటు మీద సెస్, సర్‌చార్జి కలపరు. లక్ష రూపాయల డివిడెండ్‌కు 20,800 బదులు రియాద్‌లో ఉన్న మనిషికి 5,000 మాత్రమే పోతుంది.

అయితే ఆ తగ్గింపు అడిగితేనే వస్తుంది. అక్కడి ప్రభుత్వం ఇచ్చే పన్ను నివాస ధ్రువపత్రం, పోర్టల్‌లో నింపిన ఫారం 10F రెండూ డివిడెండ్ ఇచ్చే ముందే కంపెనీకి చేరాలి. ఆ ధ్రువపత్రం లేకపోతే కంపెనీ 20.8 కోస్తుంది. ఆలస్యంగా దొరికితే ఇక్కడ రిటర్ను వేసి రీఫండ్ అడగొచ్చు.

మాది మడికొండలో చిన్న ఐటీ కంపెనీ. అమెరికా సంస్థకు టెక్నాలజీ లైసెన్సు రాయల్టీ కడతాం. మాకేం సంబంధం?

పన్ను వాళ్లదే అయినా భారం మీ మీద పడే అవకాశం ఉంది. ఇలాంటి కాంట్రాక్టుల్లో చాలావరకు “పన్నులు పోగా మాకు ఇంత చేతికి రావాలి” అనే షరతు ఉంటుంది. అప్పుడు పన్నును మీరే కలిపి కట్టాలి. వాళ్లకు లక్ష రూపాయలు అందాలనుకుందాం. 2023 ఏప్రిల్ నుంచి మన చట్టంలో రాయల్టీ రేటు 10 నుంచి 20కి పెరిగింది. సెస్‌తో 20.8. లక్ష చేతికి రావాలంటే మొత్తం 1,26,263 అవుతుంది, పన్ను 26,263. ఒప్పందం రేటు 15 వర్తిస్తే మొత్తం 1,17,647, పన్ను 17,647. లక్షకు 8,616 రూపాయలు మిగిలేది మీకే, అమెరికా సంస్థకు కాదు. ఒప్పందం అవతలివాళ్లకు చేసే ఉపకారం అని అనుకునేవాళ్లు ఈ లెక్క ఒకసారి వేసుకోవాలి.

అంతకుముందు ఇంకో ప్రశ్న తేల్చుకోవాలి, అది అసలు రాయల్టీయేనా? బజారులో దొరికే సాఫ్ట్‌వేర్‌ను వాడుకోవడానికి కొంటే, కాపీరైట్ హక్కులేవీ మీకు రాకపోతే, ఒప్పందాల ప్రకారం అది రాయల్టీ కాదని 2021 మార్చిలో ఇంజనీరింగ్ ఎనాలిసిస్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అలాంటి చెల్లింపు మీద కోత అవసరం లేదు. సోర్స్ కోడ్ మార్చుకునే హక్కో, కాపీలు చేసి అమ్ముకునే హక్కో వస్తే మాత్రం రాయల్టీయే.

రాయల్టీ అని తేలితే, డబ్బు పంపే ముందే అవతలి సంస్థ నుంచి నివాస ధ్రువపత్రం, ఫారం 10F, ఇండియాలో తమకు శాశ్వత కార్యాలయం లేదనే ప్రకటన తెప్పించుకోండి. తర్వాత ఆడిటర్ చేత 15CB, మీరు 15CA వేస్తే బ్యాంకు డబ్బు పంపుతుంది. ఈ కాగితాలు ఇవ్వడం అవతలివాళ్ల బాధ్యత అని, ఇవ్వకపోతే పెరిగే పన్నును వాళ్లే భరించాలని కాంట్రాక్టులో ముందే రాయించుకోవాలి. సంతకాలయ్యాక అడిగితే ఆ సంస్థ పన్నుల విభాగం నుంచి జవాబు రావడానికే నెలలు పట్టవచ్చు, చెల్లింపు గడువు మాత్రం ఆగదు.